కొడుక్కి రాసిన ఉత్తరం: గుండె వైఫల్యం ఉన్న ఒక రోగి మందులు, ఉప్పు, నీటి లెక్క

నేపథ్యం

రోగి, ఆయన భార్య అనుమతితో, వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు మార్చి ఈ కేసును నమోదు చేస్తున్నాను. రోగి వయసు అరవై అయిదు దాటింది. కోస్తా ఆంధ్రలోని ఒక చిన్న పట్టణంలో చాలాకాలం జమాఖర్చులు రాసే ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందారు. కొన్నేళ్ల కిందట గుండెపోటు వచ్చినప్పుడు ఆసుపత్రికి చేరడం ఆలస్యమైంది. స్టెంటు వేసి రక్తనాళాన్ని తెరిచారు గాని, అప్పటికే గుండె ముందుగోడ కండరం చాలావరకు దెబ్బతింది. నా దగ్గరకు వచ్చేనాటికి ఎకో పరీక్షలో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే రోగులు 'పంపింగ్' అని చెప్పుకునే అంకె, 30 శాతం ఉంది. మధుమేహం పాతదే. మూత్రపిండాలు కొద్దిగా మందగించాయి, క్రియాటినిన్ 1.3 దగ్గర నిలకడగా ఉంది.

ఇంట్లో ఉండేది భార్యాభర్తలిద్దరే. వంట, మందుల కొనుగోలు ఆమె చూసుకుంటారు. ఒక్కడే కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. రోజూ సాయంత్రం, అక్కడ తెల్లవారే వేళకు, ఫోన్ చేసి తండ్రి రక్తపోటు ఎంత, షుగరు ఎంత, ఏం తిన్నారు అని అడుగుతాడు. ఈ ఫోనుకు చికిత్సలో ఎంత భాగముందో మాకు వెంటనే తెలియలేదు.

సమస్య

నాలుగు నెలల వ్యవధిలో ఆయన రెండుసార్లు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డారు. రెండుసార్లూ వరుస ఒక్కటే. మొదట పొట్ట ఉబ్బరం వచ్చేది. దాన్ని గ్యాస్ అనుకుని, నీళ్లలో వేస్తే పొంగే పొడి కలుపుకుని తాగేవారు. తరువాత సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు కనిపించేది, బూట్లు బిగుతయ్యేవి. ఆ తరువాత రెండు మూడు రాత్రులు తలకింద మూడు దిండ్లు లేకపోతే నిద్ర పట్టేది కాదు. చివరికి అర్ధరాత్రి ఆయాసంతో అత్యవసర విభాగానికి వచ్చేవారు. ఆసుపత్రిలో నరం ద్వారా మందిచ్చి నాలుగైదు కిలోల నీరు తీసేస్తే, 67 కిలోల బరువుతో, కాళ్లు సన్నబడి ఇంటికి వెళ్లేవారు.

రెండోసారి ఇంటికి పంపినప్పుడు రాసిన మందులు ఇవి: సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ 50 మిల్లీగ్రాములు ఉదయం, రాత్రి; మెటోప్రొలాల్ సక్సినేట్ 25; స్పైరోనోలాక్టోన్ 25; డాపాగ్లిఫ్లోజిన్ 10; నీరు తీసే టార్సెమైడ్ 20. వీటితోపాటు పాత యాస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెట్‌ఫార్మిన్ కొనసాగాయి. రోజుకు మొత్తం 5 గ్రాముల ఉప్పు, ఒకటిన్నర లీటర్ల ద్రవాలు మించవద్దని చెప్పాం.

ఇన్ని మందులు సరిగ్గా పడుతున్న మనిషికి అంత త్వరగా మళ్లీ నీరు చేరడం అరుదు. కొత్తగా గుండెపోటు వచ్చిన గుర్తులు గాని, లయ తప్పిన గుర్తులు గాని ఈసీజీలో లేవు. థైరాయిడ్ పరీక్ష, రక్తహీనత పరీక్ష మామూలుగానే ఉన్నాయి. కాబట్టి కారణం గుండెలో కన్నా ఇంట్లో ఉండవచ్చునని అనుకున్నాం.

మొదట చేసినవి

మొదటిసారి అందరికీ ఇచ్చే ముద్రిత కాగితమే ఇచ్చాం. అందులో మందుల పేర్లు, వేళలు, 'ఉప్పు తగ్గించండి, నీరు తక్కువ తాగండి' అనే రెండు వాక్యాలు ఉన్నాయి. రెండోసారి మా నర్సు ఆయనను, భార్యను కూర్చోబెట్టి ఒక్కొక్క మాత్రా చూపిస్తూ వివరించింది. వారం రోజుల గళ్లున్న మాత్రల డబ్బా ఇప్పించాం. 'అర్థమైందా?' అని అడిగితే 'అర్థమైందండి' అని ఇద్దరూ అన్నారు. ఆ జవాబును బట్టి నిజంగా ఎంత అర్థమైందో చెప్పలేం. పెద్దవాళ్లలో చాలామంది డాక్టరు ముందు మర్యాద కోసమే ఆ మాట అంటారు.

మాత్రల డబ్బాతో ఒక ఉపయోగం కలిగింది. వారం తరువాత తెచ్చినప్పుడు కొన్ని గళ్లలో కొన్ని మాత్రలు మాత్రమే మిగిలి ఉన్నాయి. మరచిపోయే మనిషైతే గడి మొత్తం మిగులుతుంది. ఇక్కడ మిగిలినవన్నీ సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ రాత్రి మాత్రలు, రెండు మూడు టార్సెమైడ్‌లు, కొన్ని డాపాగ్లిఫ్లోజిన్‌లు. అంటే ఆయన మందులను మరవడం లేదు, ఆలోచించి ఏరుకుని మానేస్తున్నారు. మతిమరుపుకైతే డబ్బా, అలారం పనికొస్తాయి. ఏరుకుని మానేసే మనిషి దగ్గర ఏదో ఒక తర్కం ఉంటుంది. అది తెలియకుండా డబ్బా ఎన్నిసార్లు నింపినా ఫలితం ఉండదు.

అదే రోజు రక్తపరీక్షలో పొటాషియం 5.8 వచ్చింది. నెల కిందట అది 4.6. స్పైరోనోలాక్టోన్, సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ రెండూ పొటాషియాన్ని శరీరంలో నిలుపుతాయి కాబట్టి కొంత పెరుగుదల ఊహించిందే. కాని రెండో మందులో సగం మానేస్తున్న మనిషిలో ఇంతగా పెరగడం లెక్కకు కుదరలేదు. రక్తాన్ని మరోసారి తీసి నిర్ధారించుకున్నాం, ఈసీజీ తీశాం. ప్రమాద సూచనలు లేవు. తరువాత ఇంట్లో వాడే ఉప్పు గురించి అడిగాను. 'అబ్బాయి పంపించాడండి, లో సోడియం ఉప్పు. అదే వాడుతున్నాం, ఇంక భయం లేదని కొంచెం ధారాళంగానే వేస్తున్నా' అని ఆమె చెప్పారు. ఇలాంటి ఉప్పుల్లో సోడియం క్లోరైడ్‌లో కొంత భాగాన్ని తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాలు బాగున్న, ఈ మందులు వాడని రక్తపోటు రోగికి అది మేలు చేయవచ్చు. ఈ రోగికి మాత్రం అది గుండె లయనే దెబ్బతీయగల పదార్థం.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. పొటాషియం 6 దాటితే స్పైరోనోలాక్టోన్ వెంటనే ఆపాలి. 5.5 దాటితే సగానికి తగ్గించి దగ్గరగా గమనించాలి. చాలాచోట్ల 5.8 చూసి భయపడి మందును శాశ్వతంగా తీసేస్తారు. అయితే తీవ్రమైన గుండె వైఫల్యంలో ఈ మందు మరణాలను దాదాపు 30 శాతం తగ్గించిందని 1999లో వెలువడిన రేల్స్ పరీక్ష చూపింది. తీసేయదగిన కారణం ఉప్పు ప్యాకెట్టులో కనబడుతున్నప్పుడు మందును బలిపెట్టడం సరికాదు. ఆ ఉప్పును పూర్తిగా ఆపించాం, స్పైరోనోలాక్టోన్ 12.5కు తగ్గించాం, కొబ్బరినీళ్లు వద్దన్నాం, మూడో రోజున, వారానికి మళ్లీ పరీక్షించాం. వారానికి పొటాషియం 4.9కి దిగింది. తరువాత పాత మోతాదుకు వెళ్లినా అది 5 దాటలేదు.

ఎవరి మాట నడుస్తోంది

ఉప్పు విషయం బయటపడిన తరువాత మిగతావి కూడా అడిగాం. ఇంటి మిషనులో రక్తపోటు 102/64 చూపితే, 'ఇంత తక్కువుంటే బీపీ మందెందుకు నాన్నా' అని కొడుకు అన్నాడు. రాత్రి మాత్ర ఆగింది. కిడ్నీలకు మంచిదని రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమన్నాడు, ఈయన తాగారు. మోకాలి నొప్పికి కిందటిసారి వచ్చినప్పుడు అక్కడి మందుల షాపులో చీటీ లేకుండా దొరికే పెద్ద ఐబుప్రొఫెన్ సీసా ఇచ్చి వెళ్లాడు, ఈయన వాడుతున్నారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు ఉప్పునూ నీటినీ శరీరంలో నిలుపుతాయి, నీరు తీసే మందు పనిని తగ్గిస్తాయి, మూత్రపిండాలకు రక్తప్రసరణను కుదిస్తాయి.

ఆ అబ్బాయి నిర్లక్ష్యం చేసింది లేదు. అతను చెప్పిన వాటిలో చాలామటుకు ఆరోగ్యవంతుడికి చెప్పదగిన మాటలే. ఈ గుండెకు అవి తలకిందులవుతాయని అతనికి ఎవరూ చెప్పలేదు. మా మాట నెలకొకసారి వినబడుతుంది, అతని మాట రోజూ వినబడుతుంది. పైగా దూరంగా ఉన్న కొడుకు చెప్పింది చేయడం ఆ తండ్రికి ప్రేమను తిరిగి ఇచ్చే మార్గం కూడా అయింది.

మాకు మూడు దారులు కనిపించాయి. కొడుకుతో నేనే వీడియోలో మాట్లాడవచ్చు. ఇది త్వరగా తేలేది. కాని అప్పుడు వ్యాధి గురించి ఇద్దరు మాట్లాడుకుంటుంటే రోగి పక్కన కూర్చుని వినేవాడవుతాడు, మరునాడు సాయంత్రం కొత్త ప్రశ్న వస్తే జవాబు ఆయన దగ్గర ఉండదు. రెండోది, వైద్య సారాంశం పంపడం. అది చదివి కొడుకు మరింత వెతుకుతాడు, మరిన్ని సలహాలు పుడతాయి. మూడోది, తండ్రి చేతనే వివరణ ఇప్పించడం. వైద్యుడు చెప్పింది రోగి తన మాటల్లో తిరిగి చెప్పేలా చేస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుందన్నది పాత పద్ధతే. నోటితో అడిగితే ఈయన రెండు మాటల్లో ముగించేవారు. లెక్కలు రాసిన చేయి కాబట్టి రాయమని అడగడం మేలనిపించింది.

'మీ అబ్బాయికి ఒక ఉత్తరం రాయండి. ఒక్కొక్క మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో, ఎందుకో, మానేస్తే ఏమవుతుందో, ఎప్పుడు వేసుకోకూడదో రాయండి. ఉప్పు ఎంత, అది ఎక్కడెక్కడ నుంచి వస్తోందో రాయండి. నీళ్ల లెక్క రాయండి. మా కాగితం చూసి ఎక్కించవద్దు. పంపే ముందు ఒకసారి నాకు చూపించండి' అన్నాను. ఆయన నవ్వి, 'వాడికి ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో' అన్నారు.

మొదటి ప్రతి

మొదటి ప్రతి రెండు పేజీలు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆయనను రెండుసార్లు ఆసుపత్రికి తెచ్చిన కారణాలు దాదాపు అన్నీ అందులోనే దొరికాయి.

టార్సెమైడ్ గురించి, 'ఇది వాపు ఉన్నప్పుడు వేసుకునే మాత్ర. ఊరికి వెళ్లే రోజు వేసుకోను, బస్సులో ఇబ్బంది' అని రాశారు. డాపాగ్లిఫ్లోజిన్ గురించి, 'షుగరు మాత్ర. 120 లోపు ఉంటే అవసరం లేదు' అని ఉంది. ఉప్పు కింద, 'భోజనంలో పైన ఉప్పు చల్లుకోవడం మానేశాను' అన్న ఒక్క వాక్యమే రాశారు. నీళ్ల కింద గ్లాసుల లెక్క ఉంది గాని మజ్జిగ, చారు, టీ, రాత్రి పాలు లేవు.

ఉత్తరాన్ని భార్య ముందు పైకి చదివించాను. ఉప్పు వాక్యం దగ్గర ఆమె ఆగలేదు. 'మధ్యాహ్నం పెద్ద గ్లాసు మజ్జిగలో చెంచాతో కలుపుకుంటారే, ఆ ఉప్పు రాయలేదేం? ఆవకాయ సంగతో?' అన్నారు. ఆయన సమాధానం కూడా నిజాయతీగానే ఉంది: ఆవకాయ కూర కింద లెక్క, మజ్జిగ చలవ కింద లెక్క. ఆయన మనసులో ఉప్పు అంటే ఉప్పుడబ్బాలో ఉన్నది మాత్రమే.

ఒక్కొక్క అంశాన్నీ అక్కడికక్కడే సరిచేసి చెప్పలేదు. ముఖ్యమైనవి రెండు ఎంచుకున్నాను. మొదటిది, ఈ మాత్రలు ఆ రోజు కనబడే అంకెల కోసం కావన్నది. రక్తపోటు 102 ఉండి కళ్లు తిరగకపోతే, సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ మానవలసిన కారణం లేదు. అది ఇక్కడ గుండె మీద భారం తగ్గించడానికి ఇస్తున్న మందు. డాపాగ్లిఫ్లోజిన్ మధుమేహం లేని గుండె వైఫల్య రోగులకు కూడా మేలు చేసిందని 2019లో డాపా-హెచ్ఎఫ్ పరీక్ష నిరూపించింది; కాబట్టి షుగరు 118 వచ్చినా ఆ మాత్ర పని ఉంటుంది. టార్సెమైడ్ వేళను జరపవచ్చు, మానకూడదు. ప్రయాణం మధ్యాహ్నానికి ముగిస్తే ఇంటికి వచ్చాక సాయంత్రం నాలుగు గంటలలోపు వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు.

రెండోది ఉప్పు లెక్క. దీన్ని నేను చెప్పకుండా ఆయననే వేయమన్నాను. లో సోడియం ఉప్పు రాకముందు ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు ఎన్నాళ్లు వచ్చేదని అడిగితే, భార్య నెలన్నర అన్నారు. కిలోను 45 రోజులకు, ఇద్దరికి పంచితే మనిషికి రోజుకు 11 గ్రాములు. కొంత ఉప్పు కూరగాయలు కడగడానికి, ఇతర పనులకు పోతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా మేం చెప్పిన 5 గ్రాములకు ఇది రెట్టింపు, అదీ ఊరగాయలు చేరకముందు. ఒక చెంచాడు ఆవకాయలో సుమారు ఒకటిన్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇంటింటికీ మారుతుంది, కొన్ని ఇళ్లలో ఇంకా ఎక్కువే. గ్యాస్ కోసం తాగే పొంగే పొడి ఒక పొట్లంలో దాదాపు రెండు గ్రాముల ఉప్పులో ఉన్నంత సోడియం ఉంటుంది. పొట్ట ఉబ్బరం నిజానికి కాలేయం, పేగుల్లో నీరు నిలవడం వల్ల వస్తుంటే, దానికి ఆయన వాడిన విరుగుడు ఆ నీటినే పెంచింది. ఈ మాట విన్నాక ఆయన కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు.

పంపిన ఉత్తరం

మూడో ప్రతిని ఆయన ఫోటో తీసి కొడుక్కి పంపారు, అసలు ప్రతిని తపాలాలో వేశారు. ఆయన అనుమతితో అందులోని ముఖ్యభాగం ఇక్కడ ఇస్తున్నాను. అక్షరదోషాలు సవరించాను, మందుల పేర్లు పూర్తిగా రాశాను, అంతే.

'చిరంజీవి అబ్బాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, అమ్మ క్షేమం. నీవు, కోడలు, పిల్లలు క్షేమమని తలుస్తాను. రోజూ ఫోనులో మాట్లాడుతున్నా ఇది వ్రాయడానికి కారణం ఉంది. నా గుండె సంగతి ఒక పద్ధతిలో నీకు చెప్పాలి. ఫోనులో అయితే నువ్వు అడుగుతావు, నేను బాగున్నానంటాను, అక్కడితో ఆగిపోతుంది.

నా గుండె పంపింగ్ 30 శాతం. బాగున్నవాళ్లకు 55 పైన ఉంటుందట. నేను వేసుకునే మాత్రలు పాత మోటారును ఇంకా వేగంగా తిప్పడానికి కావు, దాని మీద బరువు తగ్గించి ఎక్కువ కాలం నడిచేలా చేయడానికి. అందుకే మానేసిన రోజు ఏమీ తెలియదు. కొన్ని వారాలకు తెలుస్తుంది.

ఉదయం టిఫిను తరువాత అయిదు. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్, ఇదే రాత్రి ఎనిమిదింటికి మళ్లీ వేసుకోవాలి. బీపీ వంద ఉందని నువ్వు కంగారుపడవద్దు. పై అంకె 90 కన్నా తగ్గినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా డాక్టరుగారికి ఫోను చేస్తాను. నీకు ఆ తరువాత చేస్తాను. రెండోది మెటోప్రొలాల్, గుండె వేగాన్ని తగ్గించేది. దీన్ని నమలకూడదు, హఠాత్తుగా ఆపకూడదు. మూడోది స్పైరోనోలాక్టోన్. ఇది పొటాషియాన్ని పెంచుతుంది. నువ్వు ప్రేమగా పంపిన ఉప్పులో ఉన్నది పొటాషియమే. అమ్మ దాన్ని అటకెక్కించింది. మళ్లీ పంపవద్దు, ఎవరికీ ఇవ్వమని కూడా చెప్పవద్దు, వాళ్ల మందులేమిటో మనకు తెలియదు. నాలుగోది డాపాగ్లిఫ్లోజిన్. నేను ఇన్నాళ్లు షుగరు మాత్ర అనుకున్నాను. ఇది గుండెకు కూడా. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు, శివరాత్రిలాగా ఏమీ తినని రోజు దీన్ని వేసుకోకూడదు. అలాంటి రోజున మెట్‌ఫార్మిన్ కూడా ఆపి, మిగతావి వేసుకోవాలో వద్దో ఆ రోజే డాక్టరుగారిని అడగాలి. అయిదోది టార్సెమైడ్, నీరు తీసేది. వాపు లేకపోయినా వేసుకోవాలి, వాపు రాకుండా ఉంచేది అదే.

మధ్యాహ్నం భోజనం తరువాత యాస్పిరిన్, రాత్రి కొలెస్ట్రాల్ మాత్ర. షుగరుకు మెట్‌ఫార్మిన్ రెండు పూటలా.

మోకాలికి నువ్విచ్చిన సీసా నేను ఇక వాడను. అవి నీటిని ఒంట్లో నిలుపుతాయట. నొప్పి ఎక్కువైతే మామూలు పారాసిటమాల్ వేసుకోమన్నారు, నీళ్లలో పొంగే రకం వద్దన్నారు.

ఉప్పు లెక్క అమ్మ పెట్టింది. ప్రతి ఉదయం అయిదు గ్రాములు పట్టే చెంచాతో రెండు చెంచాలు ఒక చిన్న గిన్నెలో తీసి పెడుతుంది. ఆ రోజు ఇద్దరి వంటకూ అదే. గిన్నె అయిపోతే అయిపోయినట్టే. కిలో ప్యాకెట్టు వంద రోజులు రావాలి, మూత మీద తేదీ వేశాను. మజ్జిగలో ఉప్పు మానేశాను. అల్లం, కరివేపాకు, నిమ్మకాయ పిండుకుంటున్నాను. అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు లేవు. ఆవకాయ ఆదివారం అర చెంచా, ఆ పూట కూరలో ఉప్పు వేయదు.

నీళ్లు మొత్తం ఒకటిన్నర లీటరు. పొద్దున లీటరు సీసా నింపుతాను, అదే రోజంతా. మిగతా అరలీటరు టీ, మజ్జిగ, చారు, పాలు. ఇవి లెక్కపుస్తకంలో జమ వేస్తున్నాను. నువ్వు చెప్పిన మూడు లీటర్లు నీలాంటివాళ్లకు మంచిదే, నాకు కాదు.

ప్రతిరోజూ లేచి, మూత్రానికి వెళ్లి వచ్చి, టీ తాగకముందు బరువు చూసుకుంటున్నాను. 67 కిలోలు నా సరైన బరువు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి ఫోను చేయాలి. నువ్వు ఇకమీదట ఫోనులో బీపీ ముందు అడగవద్దు. బరువు అడుగు.'

తరువాత

చివరి వాక్యం నేను చెప్పి రాయించింది కాదు. దాని ప్రభావం మాత్రం బాగా కనిపించింది. కొడుకు మర్నాటి నుంచి బరువే అడిగాడు. తండ్రి అంకె పంపడం మరిస్తే అతనే గుర్తుచేశాడు. సలహాలు ఆగలేదు గాని, 'ఇది వేసుకోండి' అనే బదులు 'ఇది వేసుకోవచ్చా, డాక్టరుగారిని అడగండి' అన్న రూపంలోకి మారాయి.

మందులు పూర్తిగా పడటం మొదలయ్యాక మోతాదులు పెంచగలిగాం. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ 100కు, మెటోప్రొలాల్ నెమ్మదిగా 100కు వెళ్లింది. తరువాతి ఏడాదిలో నీరు చేరి ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 36కు పెరిగింది. ఇందులో ఉత్తరం వాటా ఎంత, ఐబుప్రొఫెన్ ఆపిన వాటా ఎంత, పెంచిన మోతాదుల వాటా ఎంత అని విడదీయడం సాధ్యం కాదు. ఉత్తరం లేకపోతే మిగతావి జరిగేవి కావని మాత్రం అనుకుంటున్నాను.

సంక్రాంతికి ఒకసారి బరువు 69.4కు పెరిగింది. జంతికలు, చేగోడీలు, బంధువుల ఇళ్లలో భోజనాలు. గిన్నె లెక్క ఆ మూడు రోజులు నడవలేదు. ఆయాసం లేదు, కాళ్ల వాపు అప్పుడే మొదలైంది. ఆయనే ఫోన్ చేశారు. మూడు రోజులు టార్సెమైడ్ రెట్టింపు చేసి, రక్తపరీక్ష చేయించి, బరువు దిగాక పాత మోతాదుకు తెచ్చాం. ఇదివరకైతే ఇదే పరిస్థితి గ్యాస్ పొడితో మొదలై వారం తరువాత అర్ధరాత్రి ఆసుపత్రిలో తేలేది.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

నీటి పరిమితి విషయంలో నా ఆలోచన చెప్పాలి. గుండె వైఫల్యం ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకటిన్నర లీటరు అని రాసేయడానికి బలమైన ఆధారం లేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2025లో వెలువడిన ఫ్రెష్-అప్ పరీక్షలో, నిలకడగా ఉన్న రోగులకు ద్రవాలను ఒకటిన్నర లీటరుకు కట్టడి చేయడం వల్ల ఆరోగ్య స్థితిలో స్పష్టమైన మేలు కనబడలేదు, దాహం బాధ మాత్రం పెరిగింది. ఈయనకు అప్పట్లో పరిమితి పెట్టడానికి కారణం వేరు: నీరు చేరి అప్పుడే బయటపడ్డారు, రక్తంలో సోడియం 131కి తగ్గింది. ఇలాంటి రిపోర్టు చూసి 'సోడియం తక్కువుంది, ఉప్పు ఎక్కువ తినండి' అని చెప్పేవాళ్లు మన దగ్గర ఎక్కువ. కాని ఇక్కడ ఉప్పు తగ్గలేదు, నీరు ఎక్కువై పలచబడింది. సోడియం 137కు చేరి, బరువు మూడు నెలలు నిలకడగా ఉన్నాక పరిమితిని రెండు లీటర్లకు సడలించాం. ఎండ 42 డిగ్రీలు దాటే రోజుల్లో అంకెను పట్టుకుని కూర్చోవద్దని, బరువు 65.5 కన్నా తగ్గినా, లేస్తే తల తిరిగినా ఫోన్ చేయమని చెప్పాం. ఎండాకాలంలో నీరు తీసే మందు, చెమట కలిసి మూత్రపిండాలను దెబ్బతీయడం నీరు చేరడమంత సాధారణంగానే చూస్తాం.

ఉప్పులోనూ మరీ లోతుకు పోలేదు. 2022లో వచ్చిన సోడియం-హెచ్ఎఫ్ పరీక్షలో సోడియాన్ని రోజుకు 1500 మిల్లీగ్రాముల లోపుకు, అంటే ఉప్పును నాలుగు గ్రాముల లోపుకు, దించే ప్రయత్నం మరణాలను గాని ఆసుపత్రి చేరికలను గాని స్పష్టంగా తగ్గించలేదు. 11 గ్రాముల ఉప్పు తినే మనిషిని 5కు తేవడం వేరు, 5 నుంచి 3కు తోయడం వేరు. రెండోదానిలో అన్నం సహించక తిండి తగ్గి కండ కరుగుతుంది. ఆదివారం అర చెంచా ఆవకాయకు నేను అభ్యంతరం చెప్పకపోవడానికి కారణం ఇదే.

ఉత్తరం అడిగేటప్పుడు ఎవరికి రాయమంటున్నామన్నది ముఖ్యమని గమనించాను. 'నాకు రాసివ్వండి' అంటే పరీక్ష రాసినట్టు మా కాగితమే తిరిగి వస్తుంది. ఇంట్లో ఎవరి మాట నడుస్తోందో వారికే రాయమనాలి. మరో రోగికి అది కూతురు, ఇంకొకరికి అన్నగారు. రాయడం రాని ఒకామెతో ఫోనులో మాట రికార్డు చేయించి, తమ్ముడికి పంపే ముందు మేమూ విన్నాం. ఆమె నీరు తీసే మాత్రను ఆకలి మాత్ర అనుకుంటోందని అందులో తెలిసింది.

ఈ పద్ధతి అందరికీ సరిపోదు. మతిమరుపు ఉన్నవారి చేత ఉత్తరం రాయించి లాభం లేదు. వారికి మందులిచ్చే మనిషితో రాయించాలి. తమ జబ్బు పిల్లలకు తెలియకూడదని కోరుకునేవారిని ఒత్తిడి చేయకూడదు. మోతాదు మారిన ప్రతిసారీ పాత ఉత్తరం తప్పుడు కాగితం అవుతుంది. అందుకే ఈయన ఉత్తరం కింద తేదీ వేయించాం, సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ 100కు మారిన రోజున 'పాతది చించివేయి' అన్న మొదటి వాక్యంతో కొత్త ఉత్తరం పంపించాం.